చిరంజీవి శ్రీనుకు, షార్జా ప్రయాణం వేళ ఇంటిల్లిపాదీ చెప్పే మాటలు

చిరంజీవి శ్రీనివాసుకు పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, తమ్ముడు, నీ భార్య పద్మ, ఇంకా ఇంట్లో అందరూ మనసారా ఆశీర్వదించి చెప్పే మాటలు.

నోటితో చెప్పబోతే మీ అమ్మ ఏడుస్తుంది, ఆమెను చూసి మీ పెదనాన్ననైన నాకూ గొంతు పెగలదు. అందుకే చెప్పవలసినవన్నీ రెండు రోజులుగా కాగితం మీద పెట్టి, నువ్వు బస్సెక్కే ముందు అందరి మధ్యా చదువుతున్నాను. చదివాక దీన్ని నీ పెట్టెలో చొక్కాల కింద పెడతాను. అక్కడ మొదటి సెలవు రోజు దొరికినప్పుడు మరోసారి తీసి చదువుకో.

మొట్టమొదట ఇంటి సంగతి చెబుతాను, ఎందుకంటే నీ కాళ్ళను వెనక్కి లాగుతున్నది అదేనని నాకు తెలుసు. చెల్లి పెళ్ళికి తెచ్చిన మూడు లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు ఆరు వేలు వడ్డీ కడుతున్నాం. నీకు అక్కడ జీతం చేతికి అందడం మొదలై, నువ్వు కాస్త కుదురుకునే దాకా, అంటే మొదటి మూడు నెలలూ, ఆ ఆరు వేలు నా పింఛనులోనుంచి కడతాను. అప్పిచ్చిన ఆయనతో నేను స్వయంగా మాట్లాడాను, ఆయనా సరేనన్నారు. కాబట్టి చేరిన నెలలోనే డబ్బు పంపాలన్న తొందరతో గదిలో ఎవరి దగ్గరా చేబదులు తీసుకోవద్దు. అమ్మ షుగరు మందులు ప్రతి నెలా మొదటి వారంలో పెద్దాసుపత్రి నుంచి తెచ్చే పూచీ తమ్ముడిది. నీ కూతురు హాసినిని ఈ నెల నుంచే బడిలో వేస్తున్నాం, పొద్దున దింపేది బాబాయి, సాయంత్రం తెచ్చుకునేది పద్మ. వంటింటి స్లాబు కారుతున్న చోట వానలు ముదరకముందే సిమెంటు పని చేయిస్తాను. నీ ఇల్లు నువ్వు లేనప్పుడు కూడా నీ ఇల్లులాగే నడుస్తుంది, ఆ బెంగను గుంటూరు బస్టాండులోనే దించేసి వెళ్ళు.

ఇక నీ కాగితాల విషయం. పదో తరగతి పాసైన తరువాత ఐటీఐ చేసినవాడివి కనుక నీ పాస్‌పోర్టుకు వలస అనుమతి ముద్ర అవసరం లేదు. ముద్ర అవసరం లేనివాడి ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ ముందుగా పరిశీలించరు గనుక, ఆ పరిశీలన మనమే చేసుకోవలసి వచ్చింది. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో తమ్ముడు చూసి, ఉన్న తరువాతే మనం డబ్బు కట్టాం. చట్టప్రకారం అతను తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఆ రసీదు నా బీరువాలో ఉంది. ఇక్కడ నువ్వు సంతకం చేసిన ఆఫర్ లెటరులో ఉన్న జీతం, పని పేరు, పని గంటలు అక్కడ పెట్టించే ఒప్పందంలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే సంతకం పెట్టకుండా మాకు ఫోటో పంపు. మూల వేతనం ఎంత రాశారో ప్రత్యేకంగా చూడు, ఎందుకంటే ఏడాది నిండిన తరువాత నీకు రావలసిన గ్రాట్యుటీని, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున, మొత్తం జీతం మీద కాక మూల వేతనం మీదనే లెక్క కడతారు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి. యజమాని దాన్ని అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టానికే విరుద్ధం. జిరాక్సులు మూడు జతలు తీయించాం, ఒకటి నీ చేతిసంచిలో, ఒకటి పెద్ద పెట్టెలో, ఒకటి ఇంట్లో.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నీకు తెలియనిది కాదు, కానీ పూర్తిగా ఎవరూ నీకు చెప్పలేదు. మీ చిన్న మామయ్య పద్దెనిమిదేళ్ళ క్రితం విజిట్ వీసా మీద గల్ఫుకు వెళ్ళాడు. వెళ్ళాక మారుస్తామన్న వీసా మారలేదు, ఐదు నెలలు జీతమూ రాలేదు. ఆ ఐదు నెలలూ అతను కుబూసు రొట్టె, ఉల్లిపాయ తిని బతికాడు. కానీ ఫోను చేసిన ప్రతిసారీ బాగున్నాననే చెప్పాడు, మేమూ నమ్మాం. ఇక్కడ మేము సంక్రాంతికి అరిసెలు వండుకుంటున్న రోజున అతను పస్తున్నాడని, అతను తిరిగి వచ్చిన ఏడాదికి గాని మాకు తెలియలేదు. మీ అమ్మ ఆనాటి నుంచి సంక్రాంతికి అరిసె నోట పెట్టదు. తన తప్పేమీ లేకపోయినా ఆ సిగ్గు అతని చేత నిజం దాచిపెట్టించింది. నీ విషయంలో అది జరగకూడదు. ఈ ఇల్లు నీ డబ్బు కోసం ఎదురు చూడటం లేదు, నీ కబురు కోసం ఎదురు చూస్తుంది. అక్కడ అన్యాయం జరిగితే మొదటి రోజునే చెప్పు. పనిలో చేరిన ఆరు నెలల లోపు, అంటే ప్రొబేషనులో, నచ్చక తిరిగి రావాలనుకుంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలునని అక్కడి చట్టంలో ఉంది. టిక్కెట్టు డబ్బులు మేము పంపుతాం. ఊళ్ళో ఎవరేమనుకుంటారో అన్న ఆలోచనే వద్దు. నువ్వు తిరిగి వస్తే, నలుగురి ముందు నీ పక్కన నిలబడేది నేనే.

జీతం ఆగినా, దెబ్బ తగిలినా అక్కడ భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ సహాయ కేంద్రం ఉంది, 80046342 అన్న నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. పోలీసులకు 999, అంబులెన్సుకు 998. మన తాడేపల్లిలో ప్రవాసాంధ్రులకు సాయపడే ఏపీఎన్ఆర్టీ సొసైటీ కూడా ఉంది, అవసరమైతే అక్కడికి నేను వెళ్ళి కూర్చుంటాను. ఈ నంబర్లు ఫోనులోనే కాదు, పర్సులో చీటీ మీద కూడా రాసి పెట్టాను, ఫోను పోయిన రోజునే వాటి అవసరం పడుతుంది కాబట్టి.

పెట్టె విషయంలో పెద్దమ్మ పడిన శ్రమ నీకు తెలియాలి. నీకోసం మసాలా పొడి ఆమె ఎప్పటిలాగే గసగసాలు వేసి కొట్టింది. ఎమిరేట్స్‌లో గసగసాలు నిషేధమని, వాటిని మత్తు పదార్థాల కింద లెక్కగట్టి జైల్లో పెడతారని తమ్ముడు చెప్పేసరికి ఆమె చేయి రోలు మీదనే ఆగిపోయింది. పొడిలోనుంచి గసాలు ఏరడం ఎలా కుదురుతుంది? మొత్తం పారబోసి, రోలు రెండుసార్లు కడిగి ఆరబెట్టి, ధనియాలు, లవంగాలు, చెక్కతో మళ్ళీ కొట్టి ఇచ్చింది. గోంగూర పచ్చడి, కారప్పొడి డబ్బాలకు మూత చుట్టూ టేపు వేసి పెద్ద పెట్టెలో సర్దాం. నొప్పి మాత్రలు, దగ్గు మందులు ఏవీ డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్ళవద్దు, వాటిలో కొన్ని అక్కడ నియంత్రణలో ఉంటాయి. ఎదురింటివాళ్ళు వాళ్ళ అబ్బాయికి ఇవ్వమని కుట్టేసిన పొట్లం తెచ్చినప్పుడు మేము వద్దన్నామని నువ్వు నొచ్చుకున్నావు. వాళ్ళు మంచివాళ్ళే. అయినా నీ కళ్ళముందు సర్దని వస్తువు నీ పెట్టెలో ఉండకూడదు. విమానాశ్రయంలో ఎవరు బతిమాలినా ఇదే మాట.

నీ ఏసీ పని గురించి పెదనాన్నగా కాక, ముప్పై నాలుగేళ్ళు స్తంభాలెక్కిన లైన్‌మన్‌గా చెబుతున్నాను. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటుంది, దాన్ని డిస్చార్జి చేయకుండా వేలు పెట్టవద్దు. టెస్టరు వెలగలేదని నమ్మవద్దు, మీటరు పెట్టి చూడు. నాతో పనిచేసిన ఒకతన్ని నేను పోగొట్టుకున్నది వెలగని టెస్టరును నమ్మినందుకే. బెల్టు లేకుండా గోడ అంచున నిలబడమని మేనేజరు చెప్పినా నిలబడకు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. నువ్వు వెళ్ళేది సరిగ్గా ఆ రోజులకే. మన గుంటూరు రోహిణి కార్తె ఎండ తట్టుకున్నవాడినన్న ధీమా వద్దు, దాహం వేయకముందే నీళ్ళు తాగుతూ ఉండు. నా ఇన్సులేటెడ్ కటింగ్ ప్లేయరు నీ పెట్టెలో పెట్టాను. దాన్ని చేతిసంచిలోకి మార్చవద్దు, విమానంలోకి రానివ్వరు. పిడి మీద ఎడమవైపు నా బొటనవేలు అరగదీసిన గుంట ఉంటుంది, పట్టుకుంటే నీకే తెలుస్తుంది.

అక్కడివాళ్ళ ఆచారాలను మన్నించు. రంజాన్ నెలలో పగటిపూట వాళ్ళ కళ్ళెదుట తినవద్దు, తాగవద్దు. అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దు. గదిలో ఉండేవాళ్ళు ఏ ఊరివాళ్ళయినా, ఏ దేశంవాళ్ళయినా, జ్వరం వస్తే నీ నుదుటి మీద చేయి వేసి చూసేది వాళ్ళే.

అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు కనుక మీ అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచాం. మెసేజీలు, గొంతు రికార్డు చేసి పంపడం మాత్రం కుదురుతాయి. వాటిని విని జవాబు పంపడం పద్మ ఆమెకు నేర్పింది. నిన్న సాయంత్రం పక్క గదిలో కూర్చుని నీకు పంపిన మొదటి మెసేజీలో ఆమె "అన్నం తిన్నావా" అని మాత్రమే అంది. నువ్వు ఇంట్లోనే ఉన్నా అంతకన్నా మాట రాలేదు. మనకు రాత్రి పది గంటలైతే నీకు ఎనిమిదిన్నర. ఆ వేళకు ఒక్క మాట పంపితే ఆమె నిద్రపోతుంది.

మొన్న ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దగ్గర నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం నీ పాస్‌పోర్టు కవరులో ఉంది. దుర్గమ్మ నీ వెంట ఉంటుంది. నీ చేతి పని నీకు గౌరవం తేవాలి, నీ ఆరోగ్యం నిలకడగా ఉండాలి, ఇచ్చిన మాట మీద నిలబడే యజమాని నీకు దొరకాలి. రెండేళ్ళు తిరిగి సెలవు మీద నువ్వు వచ్చేసరికి హాసిని తన పేరు తానే రాసి నీకు చూపించాలి. క్షేమంగా వెళ్ళి లాభంగా రా నాయనా.

బస్సు తొమ్మిది గంటలకు. ఇప్పుడు లేచి అమ్మ కలిపిన పెరుగన్నం రెండు ముద్దలు తిను. పెద్దమ్మ బిందెతో నీళ్ళు తీసుకుని ఎదురు రావడానికి వీధి చివర నిలబడి ఉంది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకోకుండా, అమ్మకు "వెళ్ళొస్తాను" అని గట్టిగా వినిపించేలా చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న, ఇంటిల్లిపాదీ
నల్లపాడు, గుంటూరు