ఓవర్‌ఫిట్టింగ్, రెగ్యులరైజేషన్, వాలిడేషన్ కర్వులు: పాలినోమియల్ రిగ్రెషన్‌పై కోర్సు నివేదిక

1. ఏం పరీక్షించాం

మోడల్‌కి స్వేచ్ఛ పెరిగే కొద్దీ ట్రైనింగ్ దోషం తగ్గుతుందని, ఒక దశ దాటాక వాలిడేషన్ దోషం పెరుగుతుందని అందరికీ తెలుసు. ఈ నివేదికలో చూసింది దాని తర్వాతి ప్రశ్న. వాలిడేషన్ కర్వులో కనిపించే కనిష్ఠ బిందువును ఎంతవరకు నమ్మొచ్చు? ఆ కర్వు కూడా కొద్ది డేటాతో వేసిన అంచనాయే కాబట్టి దానిలోనూ నాయిస్ ఉంటుంది.

2. డేటా

అసలు ఫంక్షన్, నాయిస్ రెండూ తెలిసి ఉంటే తప్పొప్పులు కచ్చితంగా చెప్పొచ్చు. అందుకే కృత్రిమ డేటా తీసుకున్నాం. 0 నుంచి 1 వరకు యాదృచ్ఛికంగా 50 x విలువలు ఎంచుకుని, ప్రతిదానికీ y = sin(2πx) + ε లెక్కగట్టాం. ε సగటు 0, ప్రామాణిక విచలనం 0.25 ఉన్న నార్మల్ నాయిస్. నాయిస్ వేరియన్స్ 0.25² = 0.0625 కాబట్టి ఎంత మంచి మోడల్‌కైనా కొత్త డేటాపై సగటు వర్గ దోషం దీర్ఘకాలంలో దీనికంటే కిందికి దిగదు. దీన్ని నేల గీత అందాం. ఏ గ్రాఫ్ వేసినా ఈ గీత దానిలో ఉండాలి. అది లేకపోతే 0.07 మంచి అంకె అవునో కాదో చెప్పలేం.

5 ఫోల్డ్‌ల క్రాస్ వాలిడేషన్ వాడాం. ప్రతిసారీ 40 బిందువులతో ట్రైనింగ్, 10తో వాలిడేషన్. విడిగా తయారుచేసిన 1000 బిందువుల టెస్ట్ సెట్‌ను అన్ని నిర్ణయాలూ అయ్యాక ఒక్కసారే తెరిచాం.

3. డిగ్రీ పెంచితే ఏమవుతుంది

రెగ్యులరైజేషన్ లేకుండా మామూలు లీస్ట్ స్క్వేర్స్‌తో వచ్చిన ఫలితాలివి (5 ఫోల్డ్‌ల సగటు):

| డిగ్రీ | పారామీటర్లు | ట్రైనింగ్ దోషం | వాలిడేషన్ దోషం |
|---|---|---|---|
| 1 | 2 | 0.243 | 0.271 |
| 3 | 4 | 0.060 | 0.075 |
| 5 | 6 | 0.053 | 0.074 |
| 9 | 10 | 0.046 | 0.103 |
| 15 | 16 | 0.036 | 3.8 |

డిగ్రీ 1 దగ్గర రెండు దోషాలూ పక్కపక్కనే ఉన్నాయి, కానీ రెండూ నేల గీతకు దాదాపు నాలుగు రెట్లు పైన ఉన్నాయి. ఇది అండర్‌ఫిట్టింగ్. తేడా చిన్నగా ఉంది కదా అని మోడల్ బాగుందనుకోకూడదు. ముందు రెండు గీతలూ ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి, ఆ తర్వాతే వాటి మధ్య దూరం చూడాలి.

డిగ్రీ 3 నుంచి ట్రైనింగ్ దోషం నేల గీతకు కిందికి పోయింది. మోడల్ నాయిస్‌ను కొంత మింగేసిందన్నమాట. ఎంత మింగుతుందో సిద్ధాంతం ముందే చెబుతుంది. మోడల్ అసలు ఫంక్షన్‌ను పట్టుకోగలిగినప్పుడు, n బిందువులు, p పారామీటర్లు, నాయిస్ వేరియన్స్ σ² ఉంటే ట్రైనింగ్ దోషం సగటున σ²(1 − p/n) ఉంటుంది. డిగ్రీ 15కి ఇది 0.0625 × 24/40 = 0.0375. ప్రయోగంలో వచ్చింది 0.036. కాబట్టి ట్రైనింగ్ దోషం తగ్గడంలో మోడల్ గొప్పతనమేమీ లేదు. 16 పారామీటర్లు 40 బిందువుల నాయిస్‌లో తమ వాటా తీసుకున్నాయి, అంతే.

ఇక ఆ 3.8. దాన్ని అలాగే గ్రాఫ్‌లో పెట్టి "ఓవర్‌ఫిట్టింగ్" అని రాసేస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఫోల్డ్‌లవారీగా చూస్తే దోషాలు 0.13, 0.11, 0.19, 0.15, 18.4. నాలుగు ఫోల్డ్‌లు ఓ మోస్తరుగా ఉన్నాయి, సగటును పైకి లాగింది ఒక్కటే. ఆ ఫోల్డ్‌లో అన్నిటికంటే ఎడమ చివరి రెండు బిందువులు వాలిడేషన్ వైపు పడ్డాయి. దాంతో డిగ్రీ 15 వక్రం ట్రైనింగ్ బిందువుల హద్దు దాటి అవతలికి లెక్కగట్టాల్సి వచ్చింది. అధిక డిగ్రీ పాలినోమియల్ చివర్లలో ఎలా ఎగసిపడుతుందో తెలిసిందే. ఈ ఫోల్డ్‌లో గుణకాల పరిమాణం లక్షలు దాటింది. పెద్ద ధన గుణకం, పెద్ద రుణ గుణకం ట్రైనింగ్ బిందువుల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాస్త పక్కకు జరిగితే ఆ లెక్క చెదిరిపోతుంది. y అక్షాన్ని లాగ్ స్కేల్‌లో వేయకపోతే ఈ ఒక్క అంకె మిగతా కర్వునంతా నేలకు అణగదొక్కేస్తుంది.

4. రిడ్జ్ రెగ్యులరైజేషన్

డిగ్రీని 15 దగ్గరే ఉంచి, గుణకాల వర్గాల మొత్తంపై α రెట్లు జరిమానా వేశాం: ‖y − Xw‖² + α‖w‖². ఇంటర్‌సెప్ట్‌పై జరిమానా ఉండదు.

```python
pipe = make_pipeline(
    PolynomialFeatures(15, include_bias=False),
    StandardScaler(), Ridge())
alphas = np.logspace(-8, 3, 23)
cv = KFold(5, shuffle=True, random_state=7)
tr, va = validation_curve(
    pipe, X, y, param_name="ridge__alpha",
    param_range=alphas, cv=cv,
    scoring="neg_mean_squared_error")
tr, va = -tr, -va
```

ఈ కొద్ది లైన్లలోనే తప్పులు దొర్లే చోట్లు నాలుగున్నాయి.

`StandardScaler` పైప్‌లైన్ లోపలే ఉండాలి. బయట మొత్తం 50 బిందువులనూ స్కేల్ చేసి తర్వాత ఫోల్డ్‌లు చేస్తే వాలిడేషన్ బిందువుల సగటు, విచలనం ట్రైనింగ్‌లోకి జారిపోతాయి. ఇక్కడ నష్టం చిన్నదే. కానీ అదే అలవాటుతో y ని చూసి ఫీచర్లు ఎంచుకునే దశను కూడా బయట పెడితే వాలిడేషన్ స్కోరుకు అర్థమే ఉండదు. స్కేలింగ్ అసలు చేయకపోతే ఇంకో సమస్య. x 0, 1 మధ్య ఉంది కాబట్టి x¹⁵ విలువలు చాలావరకు సున్నా దగ్గరే ఉంటాయి. వాటికి పెద్ద గుణకాలు కావాలి, జరిమానా వాటి మీదే ఎక్కువ పడుతుంది.

`shuffle=True` మరిచిపోతే `KFold` వరుసగా ముక్కలు కోస్తుంది. డేటా x ప్రకారం సార్ట్ అయి ఉంటే ప్రతి ఫోల్డూ ఒక విడి ముక్క అవుతుంది. అప్పుడు కొలిచేది ఖాళీలను దాటే సామర్థ్యమే తప్ప మనకు కావలసిన దోషం కాదు.

స్కోర్లు రుణ సంఖ్యలుగా వస్తాయి కాబట్టి గుర్తు మార్చాలి. లేకపోతే కర్వు తలకిందులై, అండర్‌ఫిట్టింగ్ ఉన్న చోట కనిష్ఠం ఉందని చదివేస్తాం.

నాలుగోది α అర్థం. `Ridge` దోషాల మొత్తాన్ని తీసుకుంటుంది, `Lasso` దాన్ని 2nతో భాగిస్తుంది. ఒకదానిలో దొరికిన α ను మరొకదానిలో పెట్టడం కుదరదు. పైగా రిడ్జ్‌లో డేటా రెట్టింపైతే అదే α బలం సగమవుతుంది.

5. కర్వును చదవడం

గ్రాఫ్‌లో ఎడమ చివర α = 10⁻⁸ దగ్గర ట్రైనింగ్ దోషం 0.041, వాలిడేషన్ 0.21. అంత చిన్న జరిమానాకే 3.8 కాస్తా 0.21కి దిగింది. అదుపు తప్పిన గుణకాల్ని పట్టి ఉంచడానికి ఇసుమంత జరిమానా చాలు. కుడి చివర α = 1000 దగ్గర 0.45, 0.47. మోడల్ జవాబు y సగటు వైపు జరుగుతోందన్నమాట. ఏ మోడలూ లేకుండా సగటు చెబితే వచ్చే దోషం 0.5 + 0.0625, అంటే 0.56.

కనిష్ఠం α = 0.001 దగ్గర ఉంది: ట్రైనింగ్ 0.054, వాలిడేషన్ 0.073. అక్కడ గుణకాలన్నీ రెండంకెల లోపే ఉన్నాయి. X సింగ్యులర్ విలువలు d అయితే, d²/(d² + α) విలువలను కూడితే వచ్చే ప్రభావ పారామీటర్ల సంఖ్య, ఇంటర్‌సెప్ట్ కలిపి, ఆరున్నర దగ్గర ఉంది. పేరుకు 16 పారామీటర్ల మోడల్, పనిలో మాత్రం డిగ్రీ 5 మోడల్‌తో సమానం. టేబుల్‌లో డిగ్రీ 5 వాలిడేషన్ దోషం 0.074 కావడం దీనికి సరిపోతుంది.

అయితే 0.001నే ఎంచుకోవాలా? కనిష్ఠం దగ్గర ఐదు ఫోల్డ్‌ల స్టాండర్డ్ ఎర్రర్ 0.009. 0.073 + 0.009 = 0.082 లోపు ఉన్న ఏ α నీ ఈ డేటాతో తోసిపుచ్చలేం. ఆ హద్దులో అతి పెద్దది α = 0.0316 (వాలిడేషన్ 0.079), దాని పక్కనున్న 0.1 హద్దు దాటింది (0.086). ఒక స్టాండర్డ్ ఎర్రర్ నియమం ప్రకారం ఎక్కువ జరిమానా ఉన్న 0.0316ని తీసుకున్నాం. ఈ నియమం సరళమైన మోడల్ వైపు మొగ్గే ఆచారం మాత్రమే, దాని వెనుక రుజువేమీ లేదు. దోషం తగ్గడమే ముఖ్యమైతే కనిష్ఠాన్నే తీసుకోవచ్చు. ఏది చేశారో, ఎందుకు చేశారో నివేదికలో రాయడం మాత్రం తప్పనిసరి. రెండు α లను నేరుగా పోల్చాలంటే ఎర్రర్ బార్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయని ఆగిపోకుండా, ఒక్కో ఫోల్డ్‌లో రెండింటి తేడా తీసి ఆ తేడాల విస్తరణ చూడాలి. ఫోల్డ్‌లు రెండింటికీ ఒకటే కాబట్టి కష్టమైన ఫోల్డ్ రెండింటికీ కష్టమే.

ఎంచుకున్న α తో మొత్తం 50 బిందువులపై మళ్లీ ఫిట్ చేస్తే టెస్ట్ దోషం 0.074. 1000 బిందువులకు ఈ కొలతలో అనిశ్చితి 0.003 దాకా ఉంటుంది. 23 విలువల్లోంచి అతి తక్కువది ఏరుకున్నాం కాబట్టి వాలిడేషన్ కనిష్ఠం కాస్త ఆశావహంగా ఉంటుంది. ఫలితంగా చెప్పాల్సింది టెస్ట్ అంకెనే.

లాసో కూడా నడిపాం. కానీ x, x², x³ ఒకదానితో ఒకటి బాగా ముడిపడి ఉండటంతో ఫోల్డ్ మారితే ఎంచుకునే పదాలూ మారాయి, చిన్న α ల దగ్గర కన్వర్జెన్స్ హెచ్చరికలు వచ్చాయి. ఏ ఫీచర్ ముఖ్యమో చెప్పడానికి దాన్ని ఇక్కడ వాడకూడదు.

6. ఎక్కువ డేటా ఉంటే?

దీనికి జవాబు వాలిడేషన్ కర్వు ఇవ్వదు, లెర్నింగ్ కర్వు ఇస్తుంది. మొదటిదానిలో x అక్షంపై హైపర్‌పారామీటర్ ఉంటుంది, రెండోదానిలో ట్రైనింగ్ బిందువుల సంఖ్య. డిగ్రీ 15 మోడల్‌కు రిడ్జ్ లేకుండా 500 బిందువులిస్తే సూత్రం ప్రకారం ట్రైనింగ్ దోషం 0.0605కి చేరాలి, అంటే దాదాపు నేల గీత దగ్గరికి. ఓవర్‌ఫిట్టింగ్ మోడల్ సొంత గుణం కాదు, మోడల్‌కూ డేటాకూ మధ్య నిష్పత్తి. డిగ్రీ 1 మోడల్‌కు మాత్రం 500 ఇచ్చినా 5000 ఇచ్చినా 0.26 దగ్గరే ఆగుతుంది.

7. నిజమైన డేటాపై

సైకిట్-లెర్న్‌తో వచ్చే డయాబెటిస్ డేటాలో 442 వరుసలు, 10 కాలమ్‌లు ఉన్నాయి. మామూలు లీనియర్ రిగ్రెషన్‌కు షఫుల్ లేని 5 ఫోల్డ్‌లలో R² విలువలు 0.43, 0.52, 0.48, 0.43, 0.55. సగటు 0.48, స్టాండర్డ్ ఎర్రర్ 0.025. మొత్తం డేటాపై ట్రైనింగ్ R² 0.52. తేడా 0.04 కాబట్టి లీనియర్ మోడల్‌లో చెప్పుకోదగ్గ ఓవర్‌ఫిట్టింగ్ లేదు.

డిగ్రీ 2కి పోతే ఫీచర్లు 65, డిగ్రీ 3కి 285 అవుతాయి (లింగం కాలమ్‌లో రెండే విలువలు ఉన్నందున వీటిలో కొన్ని నిజానికి కొత్తవి కావు). ఒక్కో ఫోల్డ్‌కు ట్రైనింగ్‌లో 353 లేదా 354 వరుసలే ఉంటాయి కాబట్టి డిగ్రీ 3 లో p/n ఎనభై శాతం దాకా పోతుంది. రిడ్జ్ లేకుండా అక్కడ ట్రైనింగ్ స్కోరు ఎంత అందంగా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ నాయిస్ ఎంతో తెలియదు, అందువల్ల నేల గీత గీయలేం. లీనియర్ మోడల్ 0.48నే పోలిక గీతగా పెట్టుకోవాలి. ఏ మోడలైనా దాన్ని 0.01తో దాటిందంటే ఫోల్డ్‌లవారీ తేడాలు చూపించేవరకు అది మెరుగుదల కింద లెక్కకు రాదు.