పక్కన నిలబడి చూసేవాళ్లు ఏం చెయ్యొచ్చు: తొమ్మిదో తరగతితో సోషల్ మేడమ్ మాటలు

కూర్చోండి కూర్చోండి. వెనకాల ఆ కిటికీ కొంచెం మూయండి, గ్రౌండ్‌లో పీఈటీ సార్ విజిల్ తప్ప ఇంకేం వినపడట్లేదు. మీ మ్యాథ్స్ సార్ ఇవాళ లీవు కాబట్టి ఈ పీరియడ్ నాది. లేదు, టెస్ట్ ఏం లేదు, పుస్తకాలు లోపల పెట్టేయండి.

మంగళవారం ఇంటర్వెల్‌లో సైకిల్ స్టాండ్ దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. నాకు బుధవారం సాయంత్రం తెలిసింది. ఎవరూ ఎవరివైపూ తల తిప్పి చూడొద్దు, పేర్లు నేను చెప్పను, మీరూ చెప్పొద్దు, ఆ చేసినవాళ్ల సంగతి హెచ్చెమ్ గారి రూమ్‌లో వేరేగా నడుస్తోంది. నేను మాట్లాడాలనుకున్నది మిగతావాళ్లతో. అక్కడ ఒకళ్ల బ్యాగ్ లాక్కుని చేతులు మార్చుకుంటూ ఆడించినవాళ్లు ముగ్గురు, చుట్టూ నిలబడి చూసినవాళ్లు ఇరవైమందికి పైనే. బ్యాగ్ లోంచి టిఫిన్ బాక్స్ మూత ఊడి పులిహోర అంతా మట్టిలో పడిందట, అప్పుడు నవ్వు ఇంకా పెద్దదయిందట. ఆ ఇరవైమందీ చెడ్డ పిల్లలేం కాదు, మీరే కదా, మీ అందరి గురించి నాకు తెలీదా. అందుకే అడుగుతున్నా, ఎందుకు ఎవరూ కదల్లేదు?

ఆ చెప్పు, లేచి చెప్పక్కర్లేదు. "మధ్యలోకి వెళ్తే మమ్మల్ని కూడా పట్టుకుంటారు మేడమ్." కరెక్టే. ఇంకా? "ఎవరో ఒకరు చెప్తార్లే అనుకున్నాం." ఆ, ఇదిగో ఇది చాలా పాత సంగతి. 1968లో న్యూయార్క్‌లో డార్లీ, లతానే అని ఇద్దరు సైకాలజీ వాళ్లు ఒక ప్రయోగం రాశారు. కాలేజీ పిల్లల్ని ఒక్కొక్కళ్లని వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు, మధ్యలో ఒకడికి ఫిట్స్ వచ్చినట్టు గొంతు వినిపించారు, అది ముందే రికార్డు చేసి పెట్టుకున్నది, నిజం కాదు. వింటున్నది నేనొక్కణ్ణే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోపే లేచి వెళ్లి చెప్పారు. నాతోపాటు ఇంకో నలుగురు వింటున్నారు అనుకున్నవాళ్లలో నూటికి 31 మందే. అంటే జనం ఎక్కువైనకొద్దీ కదిలేవాళ్లు తగ్గారు, ప్రతివాడూ పక్కవాడు చూసుకుంటాడ్లే అనుకున్నాడు. మంగళవారం మీరు చేసింది అదే. సైకిల్ స్టాండ్ దగ్గర ఇద్దరే ఉండుంటే బహుశా ఒకళ్లు స్టాఫ్ రూమ్‌కి పరిగెత్తేవాళ్లు.

ఇంకో లెక్క కూడా చెప్తా, ఇది కొంచెం సంతోషంగా ఉంటుంది. కెనడాలో టొరంటో స్కూళ్ల గ్రౌండ్లలో పిల్లలు ఆడుకుంటుంటే కెమెరాలు పెట్టి చూశారు, 2001లో అచ్చయింది. ఏడిపిస్తున్నప్పుడు తోటి పిల్లలు ఎవరో ఒకరు కలగజేసుకుంటే సగానికి పైగా సార్లు 10 సెకన్లలో ఆగిపోయింది. 10 సెకన్లు! మీరు షూ లేస్ కట్టుకునేంత టైం కూడా కాదు. ఎందుకంటే వాళ్లకి కావాల్సింది ఆ అబ్బాయి బ్యాగ్ కాదమ్మా, మీ నవ్వు. వీధి నాటకం లాంటిదే, చూసే జనం లేచి వెళ్లిపోతే వాడు ఒక్కడూ ఎంతసేపు ఆడతాడు.

కానీ ఆగండి, దీన్ని విని రేపు ఎవడైనా హీరోలా మధ్యలో దూకి కాలర్ పట్టుకున్నాడనుకోండి, వాడికి ముందు నేనే చీవాట్లు పెడతా. కొట్టుకోవడం వద్దు. మనం పదిమంది కలిసి వాణ్ణి ఏడిపిద్దాం అని గ్యాంగ్ కట్టడం అసలే వద్దు, అప్పుడు బాధపడేవాడు మారతాడు అంతే, పని అదే.

మరి ఏం చెయ్యాలి. అన్నిటికంటే తేలికైనది, నవ్వకండి. ఫోన్ బయటికి తీయకండి, అంటే ఊళ్లో ఉన్నప్పుడు, ఇక్కడికి ఎలాగూ తేకూడదు కదా, తెస్తున్నారని నాకు తెలుసు. అక్కడ నిలబడకుండా పక్కకి నడవండి, నడుస్తూ పక్కనున్న ఒకళ్లని పేరు పెట్టి పిలిచి, "పదరా, సార్‌ని పిలుద్దాం" అనండి. "ఎవరైనా వెళ్లండి" అంటే ఎవరూ వెళ్లరు, ఆ ప్రయోగంలో చూశాం కదా. పేరు పెట్టి పిలవాలి.

ఇంకోటి, నాకు బాగా ఇష్టమైనది, తెలివిగా మాట మార్చేయడం. ఏడిపించేవాళ్లతో అసలు మాట్లాడొద్దు, వాళ్లని "తప్పురా" అని అనొద్దు, సూటిగా ఆ అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్లి, "ఒరేయ్, నిన్ను తెలుగు మేడమ్ పిలుస్తున్నారు, నోట్స్ పట్టుకురా అంటున్నారు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయండి. అబద్ధమా? ఆ, అబద్ధమే. ఈ ఒక్క అబద్ధానికి నా పర్మిషన్ ఉంది, తెలుగు మేడమ్‌కి నేను చెప్పుకుంటా. నవ్వకండ్రా, నిజంగానే చెప్తున్నా. వాళ్లకి గొడవ పెట్టుకోవడానికి చాన్స్ దొరకదు, మీ మీదకి రావడానికి కారణం దొరకదు.

మీకు వాళ్లు ఫ్రెండ్స్ అయితే, మీ మాట వింటారు అనే నమ్మకం ఉంటే, చిన్నగా "చాల్లేరా, ఇక వదిలెయ్" అనొచ్చు. ఒక్కసారి, మామూలు గొంతుతో. విన్నాడా సరే, వినలేదా మళ్లీ వాదించకుండా వచ్చేయాలి. అదే వాళ్లు మీకంటే పెద్దవాళ్లయినా, బయటి కాలేజీ వాళ్లయినా, చేతిలో కర్రో బెల్టో ఉన్నా, మీరు ఒక్కళ్లే ఉన్నా, దగ్గరికే పోవద్దు. దూరం నుంచి చూసి పరిగెత్తి పెద్దవాళ్లకి చెప్పండి, స్కూల్ బయట అయితే దగ్గర్లో ఉన్న షాపులోకి వెళ్లి షాపాయనకి చెప్పినా సరే. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే 112. పిల్లల కోసం 1098 ఉంది, ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు, మీ కోసమే కాదు ఫ్రెండ్ కోసం కూడా చెయ్యొచ్చు. నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకోండి, ఇప్పుడే, పది తొంభై ఎనిమిది.

సరే, జరిగేటప్పుడు ఏం చెయ్యలేకపోయారు, భయమేసింది. ఫర్వాలేదు. అయిపోయాక వెళ్లండి. ఇది చాలా మంది వదిలేస్తారు కానీ నాకు తెలిసి ఇదే పెద్దది. ఎందుకో చెప్తా.

నేను ఏడో తరగతి హాస్టల్లో చదివా. మాలో ఒకమ్మాయికి మాట తడబడేది, "న" తో మొదలయ్యే మాట దగ్గర ఆగిపోయేది. రోజూ సాయంత్రం ట్యాప్ దగ్గర నలుగురు దాన్ని అనుకరించేవాళ్లు, ఒకరోజు దాని ట్రంకు పెట్టె తాళం చెవి దాచేసి "అడుగు, నా తాళం అని అడుగు" అన్నారు. అది అడగలేక నిలబడిపోయింది, అందరితోపాటు తనూ నవ్వుతోంది, కళ్లల్లో నీళ్లు. నేను కిటికీ దగ్గర ఉన్నా. నేనూ కొంచెం నవ్వాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఒకే ఒక్క పిల్ల తన కంచం పట్టుకెళ్లి దాని పక్కన కూర్చుని తినింది, ఏం మాట్లాడలేదు, మజ్జిగ వేయించుకొచ్చి ఇచ్చింది అంతే. ముప్పై ఏళ్లు దాటాక ఒక పెళ్లిలో ఆ తడబడే అమ్మాయి కనపడింది. నేను గుర్తున్నానా అని అడిగా. "ఎందుకు గుర్తులేవు, నువ్వు కిటికీ దగ్గర నించున్నావు కదా" అంది. కోపంగా ఏం అనలేదు. నాకు ఆ పెళ్లి భోజనం గొంతు దిగలేదు.

అందుకని, వెళ్లి పక్కన కూర్చోండి. "నేను చూశాను, వాళ్లు చేసింది బాలేదు" అనండి. "పట్టించుకోకు", "నువ్వు కూడా రెండు తగిలించాల్సింది" ఇలాంటివి అనొద్దు. మిడ్ డే మీల్స్ లైన్లో పక్కన నించోండి, ఇంటికి వెళ్లేటప్పుడు సైకిల్ పక్కన సైకిల్ పోనివ్వండి. వాడు నవ్వాడు కాబట్టి వాడికి బాధ లేదు అనుకోవద్దు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ ఏడిపిస్తారని నవ్వుతారు.

ఇప్పుడు వాట్సాప్ సంగతి. క్లాస్ గ్రూప్‌లో ఎవరిదో ఫొటో మీద స్టిక్కర్ చేశారు, అందరూ నవ్వే బొమ్మలు పెడుతున్నారు. మీరు పెట్టకండి, ఫార్వర్డ్ చెయ్యకండి. గ్రూప్‌లో వాదన మొదలుపెట్టక్కర్లేదు, ఆ అబ్బాయికి విడిగా మెసేజ్ పెట్టండి. తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి అమ్మకో నాకో చూపించండి. ఒక్క జాగ్రత్త, బట్టలు లేని ఫొటోనో బాత్రూమ్ వీడియోనో అయితే స్క్రీన్‌షాట్ కూడా తీయొద్దు, దాచుకోవద్దు, ఎవరికీ పంపొద్దు. పిల్లలవి అలాంటివి ఫోన్లో ఉంచుకున్నా పంపినా చట్ట ప్రకారం కేసు. వెంటనే పెద్దవాళ్లని పిలిచి ఆ ఫోన్‌లోనే చూపించండి.

ఆ, చెయ్యి ఎత్తావు, చెప్పమ్మా. "మేడమ్, చెప్తే చాడీలు చెప్పేది అంటారు." మంచి ప్రశ్న. వాడు హోంవర్క్ కాపీ కొట్టాడు అని మీరొచ్చి చెప్తే అది వాణ్ణి ఇరికించడానికి. ఒకళ్లకి దెబ్బ తగుల్తోంది, రోజూ ఏడుస్తున్నారు అని చెప్తే అది వాళ్లని బయటికి తీయడానికి. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి అని అమ్మకి చెప్తే చాడీ అవుతుందా? చెప్పేటప్పుడు "వాళ్లు చెడ్డోళ్లు మేడమ్" అనకుండా, ఎక్కడ, ఎప్పుడు, నీ కళ్లతో ఏం చూశావు, ఇంతకుముందు ఎన్నిసార్లు, ఇవి చెప్పండి. నీ పేరు నేను బయటపెట్టను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇదివరకు నేను పనిచేసిన చోట ఒక పిల్లాడు కారిడార్లో నా వెనకే వచ్చి ఏదో చెప్పబోతే, మార్కుల లిస్టు చేతిలో ఉండి "తర్వాత చూద్దాం నాన్నా" అన్నాను. ఆ తర్వాత వాడు మళ్లీ రాలేదు. కాబట్టి నేను అలా అన్నా సరే, నన్ను ఆపండి. "ఇప్పుడే వినాలి మేడమ్" అనండి. నేను వినకపోతే పీఈటీ సార్, ఆయన వినకపోతే హెచ్చెమ్ గారు, ఇంట్లో అమ్మమ్మ అయినా సరే. ఒకళ్లు వినలేదని ఆగొద్దు.

బెల్ కొట్టడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. తలా ఒక చిన్న కాగితం చించండి. మీ పేరు వద్దు. ఏదైనా జరిగితే మీరు వెళ్లి చెప్పగలిగే ఒక పెద్దవాళ్ల పేరు రాయండి, అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే "ఎవరూ లేరు" అని రాయండి, అది కూడా నాకు తెలియాలి. మడిచి ఈ చాక్‌పీస్ డబ్బాలో వెయ్యండి. పక్కవాడి కాగితంలోకి చూడకురా. ఆ, మూడో బెంచీ, నువ్వు లేచి తెలుగు మేడమ్ పిలుస్తున్నారని ఒకసారి చెప్పి చూపించు, నీ మొహం చూస్తే ఎవడూ నమ్మేలా లేడు, ప్రాక్టీస్ చేద్దాం.