చార్మినార్ రోడ్డుని బుల్లి బొమ్మల ఊరులా చూపించే టిల్ట్-షిఫ్ట్ ప్రాంప్ట్‌లు

కాపీ చేసుకుని బొమ్మలు గీసే ఏఐలో వరసగా వాడండి, రెండోది మాత్రం మొదటి బొమ్మ వచ్చాకే పెట్టాలి.

మొదటిది, పగలు

చార్మినార్ ముందు రోడ్డు, ఎదురుగా ఉన్న మూడంతస్తుల మేడ మీద నుంచి కిందకి వంగి చూస్తున్నట్టు, కెమెరా వాలు కొద్దిగానే, మినార్ల పైభాగం కూడా బొమ్మలో పడాలి. ఇది నిజం రోడ్డు ఫోటోలా ఉండకూడదు, ఎవరో టేబుల్ మీద నెలల తరబడి కూర్చుని చేత్తో కట్టిన మోడల్‌ని మాక్రో లెన్స్‌తో దగ్గర నుంచి తీసినట్టు ఉండాలి. కొలత 1:87, అంటే మనిషి 2 సెంటీమీటర్లు, ఆటో 3 సెంటీమీటర్లు, చార్మినార్ సుమారు 64 సెంటీమీటర్లు, ఈ లెక్క ఎక్కడా తప్పకూడదు. చార్మినార్ కార్డ్‌బోర్డ్ మీద సున్నం రంగు పూసినట్టు, మూలల్లో అట్టముక్కలు అతికించిన గీత సన్నగా కనపడాలి. రోడ్డు నల్లటి ఉప్పు కాగితం. తోపుడు బండ్లు ఐస్‌క్రీం పుల్లలతో చేసినవి, చక్రాలు చొక్కా గుండీలు, ఒక బండి మీద దానిమ్మ పళ్ళు ఉండాలి కానీ అవి ఎర్రరంగు వేసిన ఆవాలే అని తెలిసిపోవాలి. దుకాణాల ముందు టార్పాలిన్లు నీలం ప్లాస్టిక్ కవర్ ముక్కలు, ముడతలు కొంచెం పెద్దవిగా పడాలి ఎందుకంటే అంత చిన్న ముక్క నిజం టార్పాలిన్‌లా వాలదు. జనం బాగా ఉండాలి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, బురఖాల్లో ఆడవాళ్ళు, భుజం మీద పిల్లాడిని ఎత్తుకున్న నాన్న, చాయ్ గ్లాసులు పట్టుకున్న కుర్రాళ్ళు. మొహాల్లో కళ్ళూ ముక్కూ వద్దు, రంగు చుక్క చాలు. బోర్డుల మీద అక్షరాలు వద్దు, రంగు గీతలు చాలు. మధ్యాహ్నం ఎండ, నీడలు పొట్టిగా, రంగులు మామూలు కంటే ముదురుగా. ఫోకస్ చార్మినార్ కాళ్ళ దగ్గర, దానికి ముందున్నదీ వెనకున్నదీ మెత్తగా బ్లర్ అయిపోవాలి.

రెండోది, మినార్ల పైభాగం బ్లర్ అయిపోతే

బొమ్మ అంతా అలాగే ఉంచు, బ్లర్ ఒక్కటే మార్చు. ఇప్పుడు పైనా కిందా రెండు పట్టీలు గీసి మసక చేసినట్టుంది, అందుకే మినార్ల పైభాగం కూడా కరిగిపోయింది. మినార్ అడుగు కెమెరాకి ఎంత దూరమో పైభాగం కూడా దాదాపు అంతే దూరం కాబట్టి కెమెరా వైపున్న రెండు మినార్లు కాళ్ళ నుంచి గుమ్మటం దాకా మొత్తం క్లియర్‌గా ఉండాలి, వెనక రెండు మినార్లు కొంచెం మెత్తబడాలి, వాటి వెనక మేడలు ఇంకా ఎక్కువ. బ్లర్ దూరాన్ని బట్టే పెరగాలి, బొమ్మలో ఎత్తుని బట్టి కాదు. కెమెరాకి బాగా దగ్గరగా ఉన్న కరెంటు తీగలు నల్లదారాల్లా మసకగా అడ్డం రావాలి.

మూడోది, రంజాన్ రాత్రి లాడ్ బజార్

అదే మోడల్, అదే కొలత, ఇప్పుడు లాడ్ బజార్ సందు, రాత్రి. ప్రతి గాజుల కొట్టులో గోధుమగింజంత బల్బు, దాని వైరు గోడ వెనక్కి పోతూ కనిపించాలి. లక్క గాజులు రంగు రాగితీగ చుట్లు, దొంతర్లుగా, మీద మెరుపు పొడి. ఫోకస్ ఒక్క కొట్టు మీదే, ఆ కొట్టులో కూర్చున్నాయన చెయ్యి చాపి ఒకామెకి గాజు తొడుగుతున్నాడు, సందులో దీపాలు దూరం పోయేకొద్దీ గుండ్రటి రంగు మచ్చలైపోవాలి. ఆకాశం వద్దు, చీకట్లో టేబుల్ వెనక నల్లగుడ్డ చాలు.

నాలుగోది, బెజవాడ బీసెంట్ రోడ్డు, కొండపల్లి పద్ధతిలో

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కార్డ్‌బోర్డూ ప్లాస్టిక్కూ ఏమీ లేకుండా రోడ్డంతా కొండపల్లి బొమ్మలే.

విజయవాడ బీసెంట్ రోడ్డు, పండగ ముందు సాయంత్రం, రెండువైపులా బట్టల కొట్లు, ఫుట్‌పాత్ మీద చీరలు పరిచిన చిన్న వ్యాపారులు, మధ్యలో కదలలేనంత జనం. మనుషులూ స్కూటర్లూ అన్నీ తెల్ల పొణికి కర్రతో చెక్కినవి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించినవి, ఆ అతుకుల దగ్గర చిన్న ఉబ్బు కనపడాలి. రంగులు మేకవెంట్రుకల సన్న కుంచెతో వేసినవి, ఎరుపు పసుపు ఆకుపచ్చ బాగా నిండుగా, చీర అంచు గీత ఒకచోట కొంచెం వణికి ఉండాలి. ప్లాస్టిక్ మెరుపు అస్సలు వద్దు. కెమెరా రెండో అంతస్తు బాల్కనీ ఎత్తు, ఫోకస్ చీర బేరమాడుతున్న అత్తాకోడళ్ళ మీద, మిగతా జనమంతా ముందూ వెనకా రంగుల్లో కలిసిపోవాలి. ఎండ పక్క నుంచి పడాలి, చెక్క మీద ఉలి గాట్లు తేలేలా. బొమ్మ నిలువుగా, 4:5.