ఆసుపత్రిలో ఉండటం వల్ల ఆలస్యమైన కిస్తీపై పెనాల్టీ మాఫీ కోసం విన్నపం

మిర్యాలగూడ,
24 సెప్టెంబర్ 2025.

బ్రాంచి మేనేజర్ గారికి,
మిర్యాలగూడ శాఖ.

విషయం: ట్రాలీ ఆటో లోను (ఖాతా నంబరు చివరి అంకెలు 4417) సెప్టెంబర్ కిస్తీ ఆలస్యం, పెనాల్టీ మాఫీ గురించి.

అయ్యా, నమస్కారం.

2023 ఫిబ్రవరిలో మీ శాఖలో లోను తీసుకుని ట్రాలీ ఆటో కొనుక్కున్నాను. రైసు మిల్లుల దగ్గర బియ్యం బస్తాలు లోడు కొట్టి బతుకుతున్నాను. ప్రతి నెలా 10వ తేదీన రూ.11,460 కిస్తీ నా పొదుపు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అవుతుంది. ఈ సెప్టెంబర్ 10న ఖాతాలో డబ్బు చాలక అది తిరిగిపోయింది. 19న నేనే శాఖకు వచ్చి మొత్తం కిస్తీ కట్టాను. తొమ్మిది రోజులు ఆలస్యమైన మాట నిజమే. ఎందుకైందో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

సెప్టెంబర్ 3 నుంచి జ్వరం. మొదట ఇక్కడే డాక్టరుకు చూపించుకుని మాత్రలు వేసుకుంటూ బండి నడిపాను. వినాయక నిమజ్జనం రోజు, అంటే 6వ తేదీ రాత్రి, లేచి నిలబడలేకపోతే మా అబ్బాయి నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాడు. డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయి. మర్నాడు ఆదివారం. ముందు అడ్వాన్సు కట్టమన్నారు. అప్పటికి నా ఖాతాలో రూ.18,200 ఉన్నాయి. కిస్తీ కోసమే ఉంచిన డబ్బు అది. నా ఫోను మా అబ్బాయి దగ్గరే ఉంది, అందులోంచి పదిహేను వేలు ఆసుపత్రికి పంపాడు. మిగిలినవి రూ.3,200. పాస్‌బుక్కులో ఈ లెక్క తేదీలతో సహా కనబడుతుంది. కిస్తీ తేదీ మూడు రోజుల్లోనే ఉందన్న సంగతి వాడికి తెలియదు. తెలిసినా ఆ పూట వేరే దారి లేదు. వాడిని నేను ఏమీ అనలేదు.

16న డిశ్చార్జి చేశారు. బిల్లు రూ.64,300 అయింది. చుట్టాల దగ్గర చేబదులు తెచ్చి కట్టాం. రెండు రోజులు మంచం దిగలేకపోయాను, మూడో రోజు మీ దగ్గరికి వచ్చాను. బండి ఇంకా ఇంటి ముందే ఉంది.

22న తీసుకున్న స్టేట్‌మెంటులో కిస్తీ తిరిగిపోయినందుకు రూ.500, దాని మీద జీఎస్టీ రూ.90 కలిపి పొదుపు ఖాతా నుంచి తీసుకున్నట్టు ఉంది. ఇది కాక లోను ఖాతాలో ఆలస్య రుసుము రూ.850, దాని మీద జీఎస్టీ రూ.153, మొత్తం రూ.1,003 బాకీ చూపిస్తోంది.

ఈ రూ.850 మాఫీ చేయాలని నా ముఖ్యమైన మనవి. ఆలస్య రుసుము అప్పు తీసుకున్నవాళ్లు క్రమం తప్పకుండా కట్టేలా చూడటానికే తప్ప బ్యాంకు ఆదాయం పెంచుకోవడానికి కాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. నా క్రమం ఎలాంటిదో మీ రికార్డులోనే ఉంది. ఇంతకుముందు 30 కిస్తీలు కట్టాను. 2024 మేలో ఒక్కసారి రెండు రోజులు ఆలస్యమైంది. అది నా మరుపు, అందుకే పెనాల్టీ కట్టి ఊరుకున్నాను, అడగలేదు. ఈసారిది మరుపు కాదు.

రూ.153 సంగతి వేరు. బ్యాంకులు వేసే ఆలస్య రుసుముపై జీఎస్టీ లేదని 2024 డిసెంబర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో స్పష్టం చేశారు, 2025 జనవరిలో సర్క్యులర్ కూడా వచ్చింది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి వెతికి చూపించింది. రుసుము మాఫీ అయినా కాకపోయినా ఈ 153 తీసివేయాలి.

కిస్తీ తిరిగిపోయినందుకు తీసుకున్న రూ.590 గురించి నేను గట్టిగా అడగలేను. మీ చేతిలో ఉంటే తిరిగి జమ చేయించండి.

ఇంకో టెన్షన్ ఉంది. ఈ రూ.1,003 బాకీ అలాగే ఉంటే, అక్టోబర్ 10న వచ్చే కిస్తీలోంచి ముందు దాన్ని కోసుకుంటారేమో, అప్పుడు ఆ కిస్తీ తక్కువపడి మళ్లీ పెనాల్టీ పడుతుందేమో అని భయంగా ఉంది. అందుకే ఆ తేదీలోపు నిర్ణయం చెప్పమని అడుగుతున్నాను. అక్టోబర్ కిస్తీకి పన్నెండు వేలు ఇప్పటికే ఖాతాలో వేశాను. తొమ్మిది రోజుల ఆలస్యాన్ని రికార్డు నుంచి చెరిపేయమని అడగడం లేదు.

డిశ్చార్జి కాగితం, ఆసుపత్రి బిల్లు, రక్తపరీక్ష రిపోర్టు, పాస్‌బుక్కు పేజీ జిరాక్సులు, 19న కట్టిన రసీదు జతచేస్తున్నాను. ఒరిజినల్స్ కావాలంటే ఎప్పుడు పిలిచినా తెచ్చి చూపిస్తాను. మాఫీ కుదరదంటే ఆ మాట, కారణం కాగితం మీద రాసి ఇవ్వండి. నా ఫోన్ నంబరు మీ దగ్గర నమోదైనదే, మారలేదు. ఈ ఉత్తరం అందినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇవ్వమని మనవి.

ఇట్లు,
మీ ఖాతాదారుడు,
బి. యాదగిరి
సాగర్ రోడ్డు, మిర్యాలగూడ,
నల్గొండ జిల్లా.