నవంబర్ 17 జాయినింగ్: మెడికల్ రిపోర్టు, పోలీస్ వెరిఫికేషన్ గురించి

మేడమ్ గారికి నమస్కారం.

జడ్చర్ల ప్లాంట్ క్యూసీ ల్యాబ్‌లో అనలిస్టుగా నన్ను తీసుకున్నారు. 17న, సోమవారం చేరాలి. ఈ రోజు 6వ తేదీ. మెడికల్ రిపోర్టు మీకు అందిందో లేదో, పోలీస్ వెరిఫికేషన్ సంగతి ఏమిటో తెలియక రాస్తున్నాను.

పరీక్షలు అక్టోబర్ 28న మీరు చెప్పిన సెంటర్‌లోనే చేయించుకున్నాను. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, కలర్ విజన్ అన్నీ అయ్యాయి. టైట్రేషన్‌లో రంగు మారడం కంటితోనే పట్టుకోవాలి కాబట్టి కలర్ విజన్ గురించే భయపడ్డాను, కానీ ప్లేట్ల మీద అంకెలన్నీ తడుముకోకుండా చదివాను. నా టెన్షన్ బీపీ గురించి. జీడిమెట్లలో నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వెళ్లాను, మొదట 146/94 వచ్చింది. అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 132/84. వాళ్లు ఏ రీడింగ్ రాశారో నాకు తెలియదు. రిపోర్టు కంపెనీకే పంపుతామని కాపీ ఇవ్వలేదు. మళ్లీ చూపించుకోమంటే రేపే వెళ్తాను.

పోలీస్ సర్టిఫికెట్ రెండు అడ్రసులకూ అడిగారు. హైదరాబాద్‌ది వచ్చింది, జత చేస్తున్నాను. ఆధార్‌లో ఉన్న మా ఊరు మార్కాపురం దగ్గర. అక్కడిది ఇంకా రాలేదు. కానిస్టేబుల్ గారు శనివారం మా ఇంటికి వచ్చి నాన్న దగ్గర ఇంటి పన్ను రసీదు తీసుకుని, పక్కింటి వాళ్లిద్దరితో సంతకాలు పెట్టించుకున్నారు. సోమవారం నాన్న స్టేషన్‌కి వెళ్తే, ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారని, వచ్చాక సంతకం అవుతుందని చెప్పారట. ఒక విషయం నేనే ముందు చెప్పడం మంచిది. పొలం గట్టు తగాదాలో మా నాన్న మీద పాత కేసు ఒకటి ఉండేది, రాజీ అయిపోయింది. అందులో నా పేరు లేదు.

ఈ సర్టిఫికెట్ 17లోపు రాకపోతే, తర్వాత ఇస్తానని రాసిచ్చి చేరవచ్చా? దరఖాస్తు రసీదు కూడా పంపుతున్నాను. చేరే తేదీ మార్చాల్సి వస్తే దయచేసి 11లోపు చెప్పండి. ఇక్కడ నా చివరి రోజు 14. నా స్థానంలో మనిషిని ఇప్పటికే తీసుకున్నారు, ఇంకో వారం ఉంటానన్నా ఉంచుకోరు. ఇక్కడి గది ఖాళీ చేస్తానని చెప్పేశాను, జడ్చర్లలో గదికి అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఒక్క నెల జీతం ఆగినా మా ఇంట్లో చాలా ఇబ్బంది అవుతుంది మేడమ్. ఈ ఉద్యోగం నాకు చాలా ముఖ్యం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ వారం బి షిఫ్ట్‌లో ఉన్నాను. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నం 1 లోపు ఎప్పుడు చేసినా ఎత్తుతాను, నంబరు నా దరఖాస్తులో ఉన్నదే. వీలుకాకపోతే ఈ మెయిల్‌కి ఒక్క ముక్క జవాబిచ్చినా చాలు.

ఇట్లు,
లక్ష్మణ్