మెంటరింగ్ అడిగిన జూనియర్‌కి జవాబు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కి మారాలన్న ఆలోచన మంచిదే. నువ్వు అడిగినట్టు వారం వారం కాల్ మాత్రం నా వల్ల కాదు, మార్చి దాకా రిలీజ్ పనిలోనే ఉంటాను. ఒప్పుకుని మధ్యలో వదిలేస్తే నీకే నష్టం. అందుకే ఒక్కసారి తీరిగ్గా మాట్లాడుకుందాం: ఈ శనివారం ఉదయం 10 గంటలకి, 45 నిమిషాలు. కుదరకపోతే ఆదివారం సాయంత్రం 5కి.

గురువారం రాత్రికల్లా ఒక పేజీ రెజ్యూమే, నువ్వు అప్లై చేయాలనుకుంటున్న రెండు ఉద్యోగ ప్రకటనలు, సొంతంగా రాసిన ఒక Selenium టెస్టు పంపు. కోర్సులో చూసి దించింది వద్దు. తప్పులున్నా నీదే కావాలి. ఆ టెస్టు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవుతుంటే ముందు `Thread.sleep` ఎక్కడెక్కడ పెట్టావో చూడు. అది నువ్వు ఇచ్చినంత సేపు ఊరికే ఆగుతుంది. పేజీ ఆలోపు రాకపోతే టెస్టు పడిపోతుంది, ముందే వస్తే టైమ్ వృథా. దాని బదులు `WebDriverWait` పెట్టి, బటన్ నొక్కడానికి వీలయ్యేదాకా ఆగేలా రాయి.

వాటితో పాటు ప్రశ్నలు కూడా పంపు, మూడే. "ఏం నేర్చుకోవాలి" అని కాదు, ఎక్కడ ఆగిపోయావో రాయి.

కాల్ తర్వాత రోజువారీ సందేహాలకు జవాబివ్వలేను. మీ ఆఫీసులో ఆటోమేషన్ టీమ్ ఉందన్నావు కదా, వాళ్ల కోడ్ రివ్యూల్లో కూర్చోనివ్వమని మీ లీడ్‌ని అడుగు. ఎలా అడగాలో శనివారం చెప్తాను.