మ్యాటీ గుడ్డ మీద ఒంగోలు గిత్త: క్రాస్ స్టిచ్ బొమ్మకు ప్రాంప్ట్

చేత్తో కుట్టి, రింగులోంచి ఇంకా తీయని క్రాస్ స్టిచ్ పనిని పైనుంచి దగ్గరగా తీసిన ఫొటో కావాలి. చతురస్రం.

రింగులో ఒంగోలు గిత్త, ఎడమవైపు తిరిగి పక్కగా నిలబడి ఉండాలి. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా. మూపురం పక్కకి ఒరగకుండా నిండుగా. గంగడోలు మెడ కింద మొదలై ముందుకాళ్ల మధ్య దాకా మడతలు పడుతూ వేలాడాలి. ఒళ్లు తెలుపు. మగది కాబట్టి తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద రంగు. ముట్టె, కళ్ల చుట్టూ, గిట్టలు, తోక కుచ్చు నలుపు. ఈ నలుపు పోతే అది మా కరవది ఊరి గిత్త కాదు, ఏదో ఒక ఎద్దు. మెడలో ఎర్ర పట్టెడ, దానికి పసుపు మువ్వలు. కాళ్ల కింద నల్లరేగడి రెండు వరసలు, వాటి మీద అక్కడక్కడ పచ్చటి శనగ మొక్కలు. చాలు, వెనక ఇల్లూ ఆకాశం వద్దు.

కుట్టు దగ్గర జాగ్రత్త. ఇది మా అమ్మ చూసే బొమ్మ. దిండు గలీబుల మీద ఏళ్ల తరబడి ఇదే కుట్టు కుట్టిన మనిషి. ప్రతి కుట్టూ ఇంటూ గుర్తులా ఉండాలి, పైన పడిన దారం బొమ్మంతా ఒకే దిక్కుకి వాలాలి. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసి కుట్టినట్టు, ఆ రెండూ పక్కపక్కన కనబడాలి. దారం మెలిక, మెరుపు తెలియాలి. అంగుళానికి 14 గళ్లు, 8 అంగుళాల రింగు, అంటే అడ్డంగా 112 గళ్లు. గిత్త 80 గళ్లకు మించకూడదు. వంపులన్నీ మెట్లు మెట్లుగానే రావాలి. మూపురాన్ని నున్నగా గుండ్రం చేయొద్దు. బూడిద రంగు నాలుగు ఛాయల దారాలతోనే మారాలి, ఒకదాంట్లో ఒకటి కరిగిపోకూడదు. కంటికీ గంగడోలు మడతలకీ మాత్రం ఒంటి పోగు నల్లదారంతో బ్యాక్ స్టిచ్.

తెల్ల గిత్త తెల్ల గుడ్డలో కలిసిపోతుంది, అందుకని మ్యాటీ గుడ్డ లేత గోధుమ రంగుది. గిత్త చుట్టూ కుట్టు లేనిచోట నేత స్పష్టంగా కనబడాలి: పడుగు, పేక, ప్రతి గడికీ నాలుగు మూలలా సూది దిగే చిన్న రంధ్రాలు. రింగు లోపల గుడ్డ బిగుతుగా, బయట వదులుగా ముడతలు పడి, అంచున రెండు మూడు పోగులు ఊడి ఉండాలి.

రింగు సాదా చెక్కది, రెండు వలయాలూ వాటి మధ్య నలిగిన గుడ్డా కనబడాలి. పైన ఇత్తడి మర. మొత్తం వలయం ఫొటోలో పట్టాలి, అంచు ఎక్కడా తెగిపోకూడదు.

వెలుతురు ఎడమ కిటికీలోంచి ఏటవాలుగా, ప్రతి కుట్టు పక్కనా సన్నని నీడ పడేలా. అక్షరాలు, పూల అంచు, పూసలు, అద్దాలు వద్దు. గుడ్డ మీద అచ్చేసినట్టుగానీ కంప్యూటర్ గళ్ల బొమ్మలాగానీ ఉండకూడదు. తోక కుచ్చులో చివరి ఐదారు గళ్లు ఖాళీగా వదిలి, అక్కడే నల్లదారం ఎక్కించిన సూది గుచ్చి ఉంచాలి.